చివరి గణం కదలదు

తెలుగులో మాత్రలు లెక్కపెట్టి రాసిన పాటల్లో, లెక్క ఉందన్న సంగతే వినేవాడికి గుర్తు రానివి తక్కువ. పుట్టపర్తి నారాయణాచార్యుల శివతాండవం ఆ తక్కువలో మొదటి వరసది. అది గేయమని అందరికీ తెలుసు. చదువుతుంటే ఒళ్ళు ఊగుతుందనీ తెలుసు. కానీ దాని నడుమ భాగాన్ని గణాలుగా విడగొట్టి చూస్తే, పాత లక్షణ గ్రంథాల్లో చెప్పిన రగడ కొలతకు ఒక్క మాత్ర కూడా ఎక్కువ తక్కువ కాకుండా నిలబడే చోట్లు కనిపిస్తాయి. గాలికి పుట్టినట్టుండే పాట లోపల అంత గట్టి పనితనం ఎట్లా దాగి ఉందో చూడడమే ఈ వ్యాసం పని.

పుట్టపర్తివారు మా ప్రాంతం మనిషి. 1914లో అనంతపురం దగ్గర చియ్యేడులో పుట్టారు, పెనుకొండలో పెరిగారు. పెనుకొండ అంటే 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధానిగా మిగిలిన ఊరు. ఆ శిథిలాల మీద చిన్న వయసులోనే ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. సంగీతం తెలుసు, నాట్యం తెలుసు, కన్నడం సొంత భాషంత దగ్గర. శివతాండవం ప్రొద్దుటూరులో ఉన్న రోజుల్లోది. తాడిమర్రి నుంచి చూస్తే ఒక పక్క పెనుకొండ, ఇంకో పక్క ప్రొద్దుటూరు. ఆయన చిన్నతనానికీ, ఆ పాటకూ మధ్య దారిలో మా ఊరు ఉందని మేం చెప్పుకుంటాం. ఎవరూ కాదనలేదు గనక చెప్పుకుంటూనే ఉన్నాం.

రగడ గురించి ముందు నాలుగు మాటలు. జాతుల్లో, ఉపజాతుల్లో చాలావాటికి గణాల లెక్క ఉంటుంది గానీ మాత్రల లెక్క స్థిరంగా ఉండదు. తోలుబొమ్మలాటవాళ్ళు పాడే రంగనాథ రామాయణం ద్విపదలో ఉంది. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇంద్రగణం నాలుగు మాత్రలకైనా రావచ్చు, అయిదుకైనా రావచ్చు. సూర్యగణం మూడు. అంటే పాదం 15 మాత్రల నుంచి 18 దాకా ఎక్కడైనా ఆగవచ్చు. పాడేవాడు రాగం సాగదీసి సర్దుకుంటాడు. రగడకు ఆ సర్దుబాటు లేదు. మొదటి గణం అయిదు మాత్రలైతే పాట ఆఖరిదాకా అయిదే. మధురగతి రగడలో పాదానికి నాలుగు మాత్రల గణాలు నాలుగు, మొత్తం 16. ద్విరదగతిలో అయిదు మాత్రల గణాలు నాలుగు, మొత్తం 20. తురగవల్గనలో మూడు మాత్రల గణాలు ఎనిమిది, వృషభగతిలో మూడూ నాలుగూ కలిసిన ఏడు మాత్రల గణాలు నాలుగు. మధురగతి తప్ప ఈ పేర్లన్నీ జంతువుల నడకలే. గుర్రం, ఏనుగు, ఎద్దు. లక్షణకర్తలు ఈ ఛందస్సును కాళ్ళతో విన్నారని దీన్నిబట్టే తెలుస్తుంది.

కొలతతో బాటు కట్టుబాట్లు మూడున్నాయి. పాదాలు రెండేసి జంటగా నడవాలి, ఆ రెంటికీ రెండో అక్షరం ఒకటే కావాలి, అది ప్రాస. పాదంలో మొదటి అక్షరానికి సగం దగ్గర, అంటే నాలుగు గణాల పాదంలో మూడో గణం మొదట, మైత్రి కుదరాలి, అది యతి. పాదాల చివరలు కలవాలి, అది అంత్యప్రాస. యతి కుదరని చోట దాని బదులు ప్రాసయతి వేసుకోవచ్చు, అంటే మొదటి గణం రెండో అక్షరాన్నీ మూడో గణం రెండో అక్షరాన్నీ కలపడం. పాల్కురికి సోమనాథుడు బసవ రగడ రాసిన కాలం నుంచీ ఇదే కాపురం. కన్నడంలో హరిహరుడు ఇదే నడకను రగళె అన్న పేరుతో శివభక్తుల కథలకు పెట్టాడు. హిందూపురం దాటితే ఆ భాషే వినిపిస్తుంది. రెండు భాషలూ చెవిలో పడి పెరిగినవాడికి ఈ నడక ఎక్కడి నుంచి వచ్చిందని అడగాల్సిన పని లేదు.

ఇప్పుడు పాట దగ్గరికి. శివతాండవం మొదటి పాదం 16 మాత్రలది, నాలుగు నాలుగుగా తెగుతుంది. పైకి అది ఒక కేకలా, ఆశ్చర్యంలా ఉంటుంది, ఎవరో అప్పటికప్పుడు అన్న మాటలా. కానీ మొదటి సగంలో రెండో అక్షరం ‘మ’, రెండో సగంలో రెండో అక్షరమూ ‘మ’. అంటే ప్రాసయతి పడింది. నోటి నుంచి ఊరికే జారినట్టున్న మాట మధురగతి పాదానికి సరిగ్గా సరిపోతుంది.

తర్వాత పాట అయిదు మాత్రల్లోకి మారుతుంది. శివుడి తల నుంచి మొదలుపెట్టి కిందికి వర్ణించే నాలుగు పాదాలున్నాయి. మొదటిదానిలో జటలోని గంగ అలలు, రెండోదానిలో ఆ అలల తోపుడుకు ఊగే నెలవంక, మూడోదానిలో నుదుటి మీద ముంగురులు, నాలుగోదానిలో కనుబొమ్మల కదలిక. నాలుగూ 20 మాత్రలే, నాలుగూ ద్విరదగతే. మొదటి జంటలో ప్రాస ‘ల’. యతి స్థానంలో మామూలు యతి లేదు, ఆ ‘ల’నే మళ్ళీ పట్టుకుని ప్రాసయతి చేశారు. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం ‘ల’, మూడో గణంలోనూ రెండో అక్షరం ‘ల’. గంగ అలలు చెప్పే చోట ఆ ఒక్క అక్షరం నాలుగు సార్లు నాలుగు కీలక స్థానాల్లో మోగుతుంది. ముంగురుల దగ్గరికి రాగానే ప్రాస ‘న’కు మారింది, ప్రాసయతి మానేసి మామూలు యతికి వచ్చేశారు. నీటి మీద నుంచి ముఖం మీదికి చూపు దిగినప్పుడు మోత కూడా మారింది.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం ఇది కాదు. ఆ నాలుగు పాదాల ఆఖరి గణాన్ని ఒక్కొక్కటీ మాత్రలుగా విడదీస్తే నాలుగింటా ఒకే ఆకారం వస్తుంది: 1 1 2 1. రెండు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు. అయిదు మాత్రల గణం ఎన్నో రకాలుగా రావచ్చు, 2 1 2గా, 2 1 1 1గా, 1 1 1 2గా, అన్నీ లఘువులుగా కూడా. ఆయన నాలుగు పాదాలకూ చివర ఒక్క ఆకారమే పెట్టారు. అంత్యప్రాస అంటే చివరి అక్షరాలు కలిస్తే చాలు, ఆకారం కలవాలని ఏ లక్షణమూ అడగదు. ఆయన అడగని బాకీ తీర్చారు.

ఇక మూడో గణాలు చూడండి. మొదటి పాదంలో 1 1 1 2. రెండో పాదంలో 1 1 2 1. మూడో పాదంలో 2 1 1 1. నాలుగో పాదంలో అయిదూ లఘువులే, 1 1 1 1 1. నాలుగు పాదాలకు నాలుగు ఆకారాలు, ఒక్కటీ తిరిగి రాలేదు. చివరి గణం బిగించి కట్టారు, దాని ముందరి గణాన్ని పూర్తిగా వదిలేశారు. వినేవాడికి ప్రతి పాదమూ ఎక్కడ దిగుతుందో ముందే తెలిసిపోతుంది, కానీ ఎట్లా దిగుతుందో తెలియదు. నాట్యంలో తీర్మానం చేసి సమం మీదికి వచ్చేవాళ్ళు సరిగ్గా ఇదే చేస్తారు. నాట్యం తెలిసినవాడు రాసిన పాట అని ఊరికే అనడం వేరు, ఈ మూడో గణం చూసి అనడం వేరు.

ఇది తెలిసి చేశారా, చెవి చేయించిందా అని అడిగేవాళ్ళుంటారు. నాకు ఆ ప్రశ్న మీద పెద్ద ఆసక్తి లేదు. వేలు మీద లెక్క ఎంచుకుంటూ రాసినా, గొంతులో పాడుకుంటూ రాసినా కాగితం మీద మిగిలింది ఒకటే.

పనితనం ఎంత కష్టమో తెలియాలంటే మనమే రెండు పాదాలు కట్టి చూడాలి. తాడిమర్రి పక్కనుంచి చిత్రావతి పోతుంది, ధర్మవరం దాటి వచ్చి పార్నపల్లి రిజర్వాయరు వైపు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఆ ఏట్లో వాన పడిందన్న మాటను 16 మాత్రల్లో చెప్పాలనుకుందాం.

లెక్క నియమం చిన్నదే. దీర్ఘం ఉన్న అక్షరం, సున్న ఉన్న అక్షరం, పొల్లు అంటిన అక్షరం, తర్వాతి అక్షరం ఒత్తక్షరమైతే దాని ముందరి అక్షరం, ఇవి రెండు మాత్రలు. మిగిలినవన్నీ ఒక్కటి. ఒక మెలిక ఉంది. రెండు వేర్వేరు తెలుగు మాటల మధ్య, రెండో మాట ఒత్తుతో మొదలైనా ముందు మాట చివరి అక్షరం బరువెక్కదు. ‘చినుకులు మ్రోగెను’ అంటే ‘లు’ ఒకటే మాత్ర. ‘శివప్రసాదం’లాంటి సంస్కృత సమాసంలో మాత్రం ‘వ’ రెండవుతుంది. కొత్తగా రాసేవాళ్ళు చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. పుట్టపర్తివారి నెలవంక పాదంలో ఈ సౌకర్యాన్ని రెండు గణాల్లో వాడుకున్నారు. ఆ రెండు చోట్లా అక్షరాన్ని బరువుగా పలికితే పాదం 22 మాత్రలై తూలిపోతుంది. తేలిగ్గా పలికితే రెండు గణాలూ 1 1 1 2గా పరుగెత్తుతాయి. అలలు నెడుతున్న చోట పరుగే కావాలి గదా.

మన పాదానికి వద్దాం. ‘నిన్న వానలు చిత్రావతిలోన’ అని మొదలుపెట్టామనుకోండి. లెక్క వేస్తే: నిన్న 3, వానలు 4, చిత్రావతిలోన 9. మొత్తం 16. లెక్క అతికింది. ఇప్పుడు నాలుగేసి మాత్రలకు ఒక చప్పట్టు వేస్తూ చదవండి. ‘నిన్న’ తర్వాత ఇంకొక మాత్ర కావాలి, కానీ వచ్చింది ‘వా’, రెండు మాత్రల అక్షరం. రెండో చప్పట్టు ‘వా’ నడి మధ్యన పడుతుంది. మూడో చప్పట్టు ‘చి’ నడి మధ్యన పడుతుంది. మొత్తం 16 ఉన్నా పాదం నాలుగు గణాలుగా తెగదు. ఇంకా వింత ఏమంటే, ‘నిన్న వానలు’ అన్నది 3, 4గా తెగుతుంది. అది వృషభగతి నడక. గురజాడ 1910లో ముత్యాలసరాలు రాసింది ఈ మూడూ నాలుగూ నడకలోనే, వృషభగతి పాదంలో సగం, 14 మాత్రలు. అంటే మనం మొదలుపెట్టింది ఎద్దు నడకలో, ముగించబోయింది మధురగతిలో. మొత్తం కూడిక చూసుకుని తృప్తిపడేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. చేయి చరిచి చదివితే రెండో చరుపులోనే తెలిసిపోతుంది.

రెండో ప్రయత్నం: ‘వానలు రాలెను నేలలు తడిసెను’. 4, 4, 4, 4. ఒక్క గణం చెడలేదు. అయినా ఇది పలకా బలపం పాట. ప్రతి మాటా గణంతో మొదలై గణంతో అయిపోతోంది. నాలుగు పాదాలు ఇట్లా చదివితే వినేవాడు అయిదోదానికి ఆవులిస్తాడు. లెక్క తప్పితే ఎవరైనా పట్టుకుంటారు. లెక్క సరిగ్గా ఉండి విసుగు పుట్టించే పాదాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే దాని మాత్రల్లో తప్పని చూపించడానికి ఏమీ ఉండదు.

అందుకని మాటను గణం మీదుగా దాటించాలి:

చిత్రావతిలో చినుకులు మోగెను
రాత్రంతా మా రాగం సాగెను

చిత్రా, వతిలో, చినుకులు, మోగెను. ‘చిత్రావతిలో’ అన్న మాట మొదటి గణంలో మొదలై రెండోదానిలో ముగిసింది. చప్పట్టు మాట నడుమ పడుతుంది, కానీ అక్షరం నడుమ కాదు. తేడా అంతా అక్కడే ఉంది. రెండో పాదంలో ‘రాత్రంతా’ కూడా అట్లే దాటింది. పాదంలో మొదటి సగం దాటుతూ నడిచి, రెండో సగం గణానికొక మాటగా కుదురుకుంటుంది. ప్రాస ‘త్ర’, యతి చి-చి, రా-రా, చివర ‘గెను’. చెప్పుకోదగ్గ కవిత్వం కాదు గానీ కాలు ఆడుతుంది.

ఇంకొక జాగ్రత్త ఎదురునడక. గణం లఘువుతో మొదలై వెంటనే గురువు వస్తే, ‘నదీ’, ‘మహా’, ‘సదా’ లాంటి మాటల్లో లాగా, అడుగు వెనక్కు పడినట్టుంటుంది. చరుపు లఘువు మీద పడుతుంది, బరువు పక్క అక్షరం మీద ఉంటుంది. అందుకే ‘నదీ’ బదులు ‘నదిలో’ అని, ‘మహా’ బదులు ‘పెద్ద’ అని తెలుగు మాట వైపు తిరగాల్సి వస్తుంది. రగడ నడక తెలుగు మాటకు సుఖంగా సరిపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

క్రియాపదం ఇందులో మంచి పనిముట్టు. ‘వచ్చె’ 3 మాత్రలు, ‘వచ్చెను’ 4, ‘వచ్చాడు’ 5, ‘వచ్చినాడు’ 6. మా అనంతపురం పలుకు ‘వస్తాండాడు’ 7, కోస్తావాళ్ళ ‘వస్తున్నాడు’ కూడా 7 మాత్రలే. ఒకే అర్థం చుట్టూ తిరిగే మాటల్లో ఏ ఖాళీకి ఏది పడుతుందో చూసుకుని పెట్టుకోవచ్చు. మాండలికంలో రాస్తే ఛందస్సు చెడుతుందనేవాళ్ళు ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

అయిదు మాత్రల నడకకు మా వైపు చెక్కభజన తీసుకుందాం. చేతికి రెండేసి చెక్కలు, కాళ్ళకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ ఆడే ఆట. మొదట ఇట్లా వస్తుంది:

చేతిలో చెక్కలవి చేరి చిందులు వేసె
రాతిపై గజ్జెలవి రాలి రవ్వలు పూసె

చేతిలో 5, చెక్కలవి 5, ‘చేరి చిం’ 5, ‘దులు వేసె’ 5. రెండో పాదమూ అంతే. 20కి 20. ప్రాస ‘తి’, యతి చే-చే, రా-రా, అంత్యప్రాస ‘సె’. లక్షణం పట్టుకుని చూసేవాడికి అనడానికి ఏమీ దొరకదు. కానీ రెండు పాదాల్లోనూ ‘అవి’ ఏం చేస్తోంది? ఏమీ చేయడం లేదు. ఒక్క మాత్ర సందు మిగిలింది గనక దాన్ని తెచ్చి కుక్కాం. మాత్రలు లెక్కపెట్టి రాసేవాళ్ళ అసలు జబ్బు ఇదే. ‘అవి’, ‘ఇక’, ‘మరి’, ‘ఆ’, ‘ఈ’ అని చిన్న చిన్న మాటలు ప్రతి సందులోనూ దూరుతాయి. ఒక పాటలో వ్యర్థపదాలు ఎన్నున్నాయో చూస్తే రాసినవాడు లెక్కకు ఎంత లొంగాడో తెలిసిపోతుంది. చెక్కలు జతగా పడతాయి గనక ‘చెక్కలవి’ తీసేసి ‘చెక్కజత’ అనవచ్చు, 2 1 1 1, అదే కొలత. గజ్జెలు రాలవు, రాలేది సడి. ‘గజ్జెసడి’ కూడా 2 1 1 1. సందు నిండింది, నిండిన మాటకు అర్థమూ ఉంది.

ఇక పుట్టపర్తివారి నుంచి నేర్చుకున్న సంగతి. మన రెండు పాదాల్లో చివరి గణం ‘దులు వేసె’, ‘వ్వలు పూసె’, రెండూ 1 1 2 1. బాగుంది. కానీ మూడో గణాలు ‘చేరి చిం’, ‘రాలి ర’, రెండూ 2 1 2. ఒకే అచ్చు రెండు సార్లు దిగింది. ‘రాలి’ని ‘రగిలి’ చేస్తే మూడో గణం 1 1 1 2 అవుతుంది. యతి చెడదు, రా-ర చెల్లుతుంది. పైగా రవ్వలకు రాలడం కంటే రగలడం దగ్గరి మాట:

చేతిలో చెక్కజత చేరి చిందులు వేసె
రాతిపై గజ్జెసడి రగిలి రవ్వలు పూసె

రెండు సార్లు పైకి చదివితే తేడా చెవికి అందుతుంది. మొదటి పాదం నింపాదిగా వచ్చి దిగుతుంది, రెండోది చివరి గణం ముందర ఒక్క గంతు వేసి అదే చోట దిగుతుంది. మారింది ఒక్క మాట. రెండు పాదాల్లో ఒక్క చోట ఇంత గింజుకుంటే, నాలుగు పాదాల్లో నాలుగు వేర్వేరు ఆకారాలు తెచ్చి, ప్రాస నిలబెట్టి, ఒక్క వ్యర్థపదం లేకుండా, కన్ను తల నుంచి కనుబొమ్మ దాకా వరసగా దిగేట్టు రాయడం ఎంత పనో అప్పుడు అంచనాకు వస్తుంది.

అయిదు మాత్రల గణానికి లోపల ఇంకొక విరుపు ఉంది. అది 2+3గా విరగవచ్చు, 3+2గా విరగవచ్చు. తాళం వేసేవాళ్ళకు ఇది బాగా తెలుసు. మన పాదంలో ‘చేతి-లో’, ‘చెక్క-జత’, ‘చేరి-చిం’ మూడూ 3+2, చివరిది ‘దులు-వేసె’ 2+3. పుట్టపర్తివారి గంగ పాదం మొదట్లో దీనికి తిరగేసి నడుస్తుంది. మొదటి రెండు గణాలూ 2+3, మూడోది 3+2, చివరిది మళ్ళీ 2+3. మూడో గణంలో విరుపు తిరగబడడం వల్ల అక్కడ చిన్న తొట్రుపాటు పుడుతుంది, వెంటనే చివరి గణం దాన్ని సర్దేస్తుంది. అక్కడే ఆయన ఒక మాటను మూడో గణం చివర మొదలుపెట్టి నాలుగో గణంలోకి దాటించారు, ఆ మాట నాట్యాన్ని చెప్పే మాటే. తొట్రుపాటూ, దాటడమూ, ఆటను చెప్పే మాటా ఒకే చోట కలిశాయి. ఈ పాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రెండు గణాలు అవి.

ఈ నడకతో ఇబ్బందీ ఉంది. శివతాండవం నాలుగు మాత్రల్లో మొదలై అయిదులోకి మారుతుందని చెప్పాను. తాళం భాషలో చతురశ్రం నుంచి ఖండానికి. ఒక్కడు నిలబడి చదివినప్పుడు ఆ మార్పు అద్భుతంగా ఉంటుంది. పుట్టపర్తివారు సభల్లో స్వయంగా చదివేవారు, గొంతు ఆయన చేతిలో ఉంది గనక ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో ఆయనకు తెలుసు. గుంపు ఆటకు అది కుదరదు. పైన కట్టిన రెండు జంటలనూ ఒకదాని వెంట ఒకటి పెట్టి మా దగ్గరి భజన గురువుకు వినిపిస్తే ఆయన ఒకటే మాటన్నాడు:

“లెక్క సరిపోయింది లేన్నా. కానీ నాలుగు మీద తిరుగుతాండేటోళ్ళు అయిదుకెట్ల మారతారు? సగం మంది కాలు ముందు పడతాది, సగం మందిది వెనక.”

ఆయన చెప్పింది నిజం. రగడ ఒక పాటలో ఒకే నడక పట్టుకుని పోవడానికి ఇదీ ఒక కారణమై ఉండాలి. పదిమంది కలిసి అడుగు వేసే చోట కొలత మారకూడదు. యక్షగానాల్లో నడక మారాల్సి వచ్చినప్పుడు పాట ముగించి, మధ్యలో వచనమో పద్యమో పెట్టి, వేరే తాళంలో ఇంకో పాట ఎత్తుకుంటారు. రగడ భేదాలే యక్షగానపు పాటలకు ఆధారమని పదిహేడో శతాబ్దంలో అప్పకవి చెప్పిన సంగతిని ఈ కోణం నుంచి చూస్తే, నడకల జాబితా వెనక ఆడేవాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి.

భజన గురువు చివరికి చూపించిన ఉపాయం సులువైంది. చిత్రావతి జంట రెండు సార్లు పాడించి చెక్కలు ఆపించాడు. ఆటగాళ్ళు నిలబడ్డ చోటనే నిలబడి, గురువు ఒక్కడే ‘చేతిలో చెక్కజత’ పాదాన్ని చెక్కలు లేకుండా ఒకసారి పాడతాడు, కొత్త నడక అందరి చెవిలోనూ పడేదాకా. రెండోసారి పాదం ఎత్తుకోగానే ‘చే’ మీద అందరి చెక్కలూ కలిసి పడాలి. అప్పటి నుంచి అయిదే. అందరికీ గుర్తుగా నిలిచేది ఆఖరి గణమేనని ఆయన ఇంకొక మాట కూడా చెప్పాడు, ‘వేసె’ దగ్గరా ‘పూసె’ దగ్గరా కుడికాలు ఒకే తీరున దిగితే మధ్యలో ఎవడు తప్పినా మళ్ళీ వరసలో కలిసిపోతాడట.